సందేహాలు – సమాధానాలు: "సవరణలు" అంటే ఆయన ఎందుకు నొచ్చుకున్నారు?

సందేహం: గురువుగారూ, ఆఫీసు మెయిల్స్ నేను తెలుగులోనే రాస్తాను. పత్రాల పేర్లు, కొత్త పదాలు కొటేషన్లలో పెట్టాలా, ఇటాలిక్స్‌లో పెట్టాలా? మొన్న ఒక పెద్దాయనకు కింది మెయిల్ పంపాను. ముఖ్యమైన మాటల మీద దృష్టి పడాలని కొటేషన్లు పెట్టానంతే. ఆయన నొచ్చుకున్నారు. పైగా మా వాళ్లలో కొందరు సెలవులు తగ్గించేస్తున్నారేమోనని టెన్షన్ పడ్డారు. నా తప్పేమిటి?

> విషయం: సెలవుల విధానం మార్పులు
>
> మీరు పంపిన "సవరణలు" చూశాం. సెలవుల విధానాన్ని "శుక్రవారం" లోపల పంపండి. మిగులు సెలవు గురించి "స్పష్టంగా" రాయండి.

సమాధానం: మీ మెయిల్‌లో తమాషా ఏమిటంటే, కొటేషన్లు అక్కర్లేని మూడు మాటలకు అవి ఉన్నాయి, కావలసిన రెండింటికి లేవు.

కొటేషన్ గుర్తులు పాఠకుడికి చెప్పేది ఒక్కటే: ఈ లోపలి మాటలు నావి కావు. ఎవరో అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసినప్పుడు ఆ మాటలు వాళ్లవి. పత్రం పేరు రాసినప్పుడు అది ఆ పత్రానికి ఎవరో పెట్టిన పేరు, నా వాక్యంలో భాగం కాదు. ఒక పదానికి అర్థం చెప్పబోతూ దాన్ని గుర్తుల్లో పెడితే, ఆ పదాన్ని నేను వాడడం లేదు, చూపిస్తున్నాను అని. ఈ మూడు చోట్లా గుర్తులు చేసే పని ఒకటే. కాబట్టి మామూలు మాటను తెచ్చి వాటి మధ్య పెట్టినా పాఠకుడు అలాగే చదువుతాడు. "మీరు పంపిన 'సవరణలు' చూశాం" అంటే, ఇవి సవరణలని మీరు అంటున్నారు, నేను మాత్రం అనడం లేదు అని ఆయనకు వినిపించింది. మీ మనసులో ఆ భావం లేదు, నిజమే. కానీ కాగితం మీద ఉంది.

తెలుగు పాఠకుడికి ఈ అలవాటు మరీ ఎక్కువ. వార్తల శీర్షికల్లో ఒక మాటను ఒంటి కొటేషన్లలో పెట్టారంటే ఎత్తిపొడుపో శ్లేషో ఉన్నట్టేనని ఏళ్ల తరబడి చదివి చదివి మనకు ఒంటబట్టింది. ఒకరి "సేవ" గురించి అలా రాస్తే అది సేవ కాదని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఎదురుగా మాట్లాడేటప్పుడు గొంతును బట్టి, ముఖాన్ని బట్టి మన ఉద్దేశం తెలుస్తుంది. మెయిల్‌లో ఆ రెండూ లేవు, గుర్తులే మిగిలాయి.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. కొటేషన్లు పెట్టిన మాట పక్కన "అని మీరంటున్నవి" అనో, "అనబడే" అనో చేర్చి చదవండి. "మీరు పంపిన, సవరణలు అని మీరంటున్నవి చూశాం" అని చదివితే మీకే ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు గుర్తులు తీసేయాలి. "స్పష్టంగా" విషయమూ ఇంతే. దాన్ని గుర్తుల్లో పెట్టగానే, ఇంతకుముందు మీరు రాసినదాన్ని మీరు స్పష్టత అనుకున్నారు కాబోలు అనే దెప్పు వచ్చి కూర్చుంది. "శుక్రవారం" పాపం ఎవరినీ నొప్పించదు కానీ, అది నిజమైన శుక్రవారమేనా అని నవ్వు తెప్పిస్తుంది.

మరి నొక్కి చెప్పాలంటే ఎలా? ఇందుకు తెలుగుకు గుర్తులు అరువు తెచ్చుకోవలసిన పనే లేదు. మాట చివర ఒక్క "ఏ" చేరిస్తే చాలు: శుక్రవారమే, శుక్రవారంలోపే, మీరే. "తప్పక" ఉంది, "మాత్రం" ఉంది. "శుక్రవారంలోపే పంపండి" అన్నప్పుడు ఎంత గట్టిగా చెప్పామో గమనించండి. కొటేషన్లలో పెట్టిన శుక్రవారానికి ఆ బలం లేదు. తేదీ మరీ ముఖ్యమైతే బొద్దుగా పెట్టండి, తప్పు లేదు. బొద్దు అక్షరాలు గట్టిగా పలుకుతాయే తప్ప దేన్నీ శంకించవు.

ఒకవేళ నిజంగానే అనుమానం ఉంటే? అప్పుడు కూడా గుర్తుల వెనక దాక్కోవద్దంటాను. "మీరు పంపిన 'తుది ప్రతి' అందింది" అని రాస్తే అవతలివారికి కోపం వస్తుంది, లోపం ఎక్కడుందో మాత్రం తెలియదు. "తుది ప్రతి అని పంపారు, కానీ మూడో పేజీలో పట్టిక ఖాళీగా ఉంది" అంటే విషయం తెలుస్తుంది, కోపం రాదు. "అట" విషయంలోనూ జాగ్రత్త. "పని పూర్తయిందట" అనేది మాటల్లో ఉత్త వినికిడే, మెయిల్‌లో చదివితే మాత్రం నమ్మనట్టు ఉంటుంది.

ఇక మీరు గుర్తులు పెట్టవలసిన చోటు. "సెలవుల విధానాన్ని మార్చాం", "'సెలవుల విధానం' పత్రాన్ని మార్చాం" అనే రెండు వాక్యాలు చూడండి. మొదటిదాంట్లో మారినవి సెలవులే. రెండోదాంట్లో మారింది ఒక కాగితం మాత్రమే. అందులో అక్షర దోషాలు దిద్ది ఉండవచ్చు, పేజీల వరుస మార్చి ఉండవచ్చు. విషయం గీతలో "సెలవుల విధానం మార్పులు" అని చదివినవాళ్లు మొదటి అర్థం తీసుకుని టెన్షన్ పడ్డారు. ఇంగ్లీషులో పెద్దక్షరాలు ఉంటాయి కాబట్టి పేరు ఎక్కడ మొదలైందో గుర్తులు లేకున్నా కొంత పోల్చుకోవచ్చు. తెలుగు లిపిలో పెద్దవి, చిన్నవి అనే తేడా లేదు. పేరు హద్దు చూపించేది గుర్తులే.

హద్దు పెట్టగానే తెలుగులో ఇంకో చిక్కు వస్తుంది. మన విభక్తులు పేరును అంటుకుని వస్తాయి, కొన్నిసార్లు దాని రూపాన్నే మార్చేస్తాయి. "వార్షిక నివేదిక"లో, "వార్షిక నివేదిక"ను అంటే ఇబ్బంది లేదు. గుర్తు మూసి, ఖాళీ వదలకుండా విభక్తిని తగిలిస్తే సరి. "సెలవుల విధానం" దగ్గర బండి ఆగుతుంది. "విధానాన్ని" అనాలి, కానీ పత్రం పేరు "విధానం". "సెలవుల విధానా"న్ని అని గుర్తును మాట మధ్యలో దింపడం చూశాను, చదవడానికి కంట్లో నలుసులా ఉంటుంది. "సెలవుల విధానాన్ని" అంతా గుర్తుల్లో పెడితే ఆ పేరుతో పత్రం ఎక్కడా ఉండదు, వెతికినా దొరకదు. బహువచనంతో ముగిసే పేర్లకూ ఇదే బాధ. "ప్రయాణ నియమాలు" నోటికి "నియమాల్లో", "నియమాలకు" అని మారిపోతుంది.

దీనికి మందు మన భాషలోనే ఉంది. తాళపత్రాల కాలంలో కొటేషన్ గుర్తులు లేవు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో చెప్పే పని "అని" చేసింది. దాని తోబుట్టువు "అనే"ను పేరు పక్కన నిలబెట్టి, తర్వాత పత్రం, నివేదిక, అధ్యాయం లాంటి మామూలు మాట వేయండి. "సెలవుల విధానం" అనే పత్రాన్ని, "ప్రయాణ నియమాలు" అనే అధ్యాయంలో. పేరు చెక్కుచెదరదు, విభక్తి భారమంతా పత్రం మోస్తుంది. అందరికీ తెలిసిన పత్రమైతే "అనే" కూడా అక్కర్లేదు, "సెలవుల విధానం" పత్రంలో అంటే చాలు. ఒక్కటి చూసుకోండి, గుర్తుల లోపల ఉన్నది పత్రం మీద ఉన్న పేరే కావాలి, అక్షరం తేడా లేకుండా. మీకు గుర్తున్నట్టు రాస్తే గుర్తులు పెట్టకండి.

ఇటాలిక్స్ సంగతి అడిగారు. ఇంగ్లీషులో పుస్తకం లాంటి పూర్తి రచన పేరును వాలు అక్షరాల్లో, అందులోని వ్యాసాన్నో అధ్యాయాన్నో కొటేషన్లలో పెట్టే పద్ధతి ఉంది. తెలుగు మెయిల్‌కు దాన్ని తెచ్చుకోవద్దనే నా సలహా. ఇటాలిక్ అంటే అక్షరాన్ని పక్కకు వంచడం కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ఆ అక్షరాలతో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చువేశాడు. అప్పటి ఇటలీ చేతిరాతను చూసి విడిగా చెక్కిన అక్షరాలవి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అలా విడిగా గీసిన వాలు రూపం లేదు. మీరు బటన్ నొక్కితే కంప్యూటర్ నిలువు అక్షరాన్నే వంచుతుంది. వంచినప్పుడు అక్షరాలు నిలబడే గీతకు పైనున్న గుడి, తలకట్టు కుడికి జరుగుతాయి, కిందున్న ఒత్తు ఎడమకు జరుగుతుంది. "అర్థం", "లక్ష్యం" లాంటి మాటలు వాలు అక్షరాల్లో రాసి చూడండి, ఒత్తు తన అక్షరం కింద కాక పక్కింటి గుమ్మంలో నిలబడినట్టు ఉంటుంది.

అదీగాక, మెయిల్ విషయం గీతలో వాలు, బొద్దు ఏవీ ఉండవు. మెయిల్‌ను ఉత్త అక్షరాలుగా చూపించే ప్రోగ్రాముల్లోనూ, అలా కాపీ చేసినప్పుడూ వాలు ఎగిరిపోతుంది. దానితోపాటు పేరు హద్దూ పోతుంది. కొటేషన్లు నిలుస్తాయి. కాబట్టి పేర్లకు జంట కొటేషన్లు వాడండి. కొటేషన్ లోపల ఇంకో కొటేషన్ వస్తేనే ఒంటివి వాడండి. ఒంటివాటికి ఎత్తిపొడుపు వాసన ఉందని పైన చెప్పాను కదా, అందుకే వాటిని లోపలే ఉంచడం మంచిది.

పదాల దగ్గర పని తేలిక. "మిగులు సెలవు" మీ పత్రంలో ఒక ప్రత్యేకార్థంతో వస్తోందనుకుందాం. దాన్ని పరిచయం చేసే మొదటిచోట గుర్తులు పెట్టి అర్థం చెప్పండి. తర్వాత మామూలుగా రాయండి. ప్రతిసారీ గుర్తులు తగిలిస్తే మీరు కూడా ఆ పదాన్ని నమ్మడం లేదనిపిస్తుంది. మెయిల్, ఫైల్, మీటింగ్ లాంటివి ఇంగ్లీషు మాటలని కొందరు గుర్తుల్లో పెడతారు. అవి తెలుగైపోయి చాలా కాలమైంది, వదిలేయండి. టైప్ చేయవలసిన అక్షరాలను మాత్రం కొటేషన్లలో ఇవ్వవద్దు. ఒకసారి ఒక పాస్‌వర్డ్‌ను నేను అలా పంపాను. అందుకున్నవారు గుర్తులతో సహా టైప్ చేసి, పని చేయడం లేదని మూడుసార్లు ఫోన్ చేశారు. అలాంటివి విడిగా ఒక వరుసలో రాయడమే మేలు.

ఇదంతా పెట్టి మీ మెయిల్‌ను తిరగరాస్తే ఇలా ఉంటుంది:

> విషయం: "సెలవుల విధానం" పత్రంలో సవరణలు
>
> నమస్కారమండీ. మీరు పంపిన సవరణలు చూశాం. "సెలవుల విధానం" తుది ప్రతిని శుక్రవారంలోపే పంపగలరు. "మిగులు సెలవు" అంటే ఏమిటో మొదటి పేజీలోనే చెబితే బాగుంటుంది. మిగులు సెలవు ఎన్ని రోజులు దాచుకోవచ్చో కూడా అక్కడే రాయండి.

చుక్క గుర్తుల లోపల పెట్టాలా, బయటా అని కూడా చాలామంది అడుగుతుంటారు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి పేరు చివర చుక్క పెట్టవలసిన అవసరం అరుదు. వస్తే బయటే పెట్టండి, చుక్క మీ వాక్యానిది. ప్రశ్నార్థకం మాత్రం పేరులోనే ఉంటే లోపలే ఉండాలి: "ఎవరికి వర్తిస్తుంది?" అనే అధ్యాయం చూశారా?