తెల్ల స్లాబు నల్లబడింది, ఇప్పుడు ఏ రంగు వేయించాలి?

ప్రశ్న: హన్మకొండలో మాది ఒక అంతస్తు ఇల్లు. పోయినేడు ఎండాకాలం ముందు స్లాబు మీద తెల్ల కూల్ పెయింట్ వేయించాం, బాగానే చల్లబడింది. ఈ వానలకు అక్కడక్కడా పాకురు పట్టి నల్లగా అసహ్యంగా తయారైంది. వేడి ఆగాలి, మరకలు కనబడొద్దు. ఇటుక రంగు వేయించమని పెయింటర్ అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు:

ఇటుక రంగు వద్దండి. ఇదే సలహా విని నేను ఒక ఎండాకాలం మొత్తం ఉడికిపోయాను.

మాది కాజీపేట వైపు, 900 చదరపు అడుగుల పాత స్లాబు. మాకూ మొదటి ఏడు తెలుపే వేయించాం, మీకు అయినట్టే బతుకమ్మ పండుగ నాటికి ట్యాంకు చుట్టూ, ఉత్తరం వైపు పిట్టగోడ పొడుగునా పచ్చగా జారుడుగా తయారై, చలికాలం వచ్చేసరికి అదే ఎండి నల్లటి అట్టలా మిగిలింది. చూడలేక మరుసటి ఏడు మొత్తం ఇటుక రంగు కొట్టించాను. మే నెలలో ఒక మధ్యాహ్నం తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర టెంపరేచర్ గన్ తెచ్చి చూస్తే ఇటుక రంగు మీద 61 డిగ్రీలు, మెట్ల గది పైన మిగిలిపోయిన పాత తెలుపు మీద 46. పాతది, దుమ్ము పట్టినదీ అయినా అంత తేడా. గన్ లేకపోయినా చెప్పుల్లేకుండా రెండు అడుగులు వేస్తే తెలుస్తుంది. తెలుపు మీద నిలబడగలం, ఇటుక రంగు మీద గెంతులే. రాత్రి పదకొండుకు కూడా మా పడకగది కప్పు చేతికి వెచ్చగా తగిలేది, ఎందుకంటే స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి కిందికి వదులుతుంది.

పోనీ మరకలైనా దాచిందా అంటే అదీ లేదు. నల్ల పాకురు ఇటుక రంగు మీద కూడా నల్లగానే కనబడింది. దానికి తోడు మాది బోరు నీళ్లు, ట్యాంకు పొంగినప్పుడల్లా కారి ఎండిన చోట తెల్లటి ఉప్పు చారలు పడ్డాయి. తెలుపు మీద అవి ఉన్నట్టే తెలియదు, ఇటుక రంగు మీద మాత్రం సున్నం జల్లినట్టు కొట్టొచ్చినట్టు కనబడతాయి. నలుపునీ తెలుపునీ రెండింటినీ కొంతవరకు కలుపుకుపోయేది లేత గ్రే ఒక్కటే, కానీ స్లాబంతా గ్రే వేస్తే సగం వేడి మళ్లీ లోపలికే.

అప్పుడు కాస్త తీరిగ్గా కూర్చుని చూస్తే ఒక సంగతి తట్టింది. పాకురు స్లాబంతా పట్టలేదు. నీళ్లు నిలిచే చోట, ఎండ తక్కువ తగిలే చోట, వేపాకు రాలి కుళ్లే మూలలో, అంతే. నడిమధ్య ఎండ నేరుగా పడే భాగం దుమ్ముకు కాస్త మాసింది తప్ప తెల్లగానే ఉంది. మరి వేడంతా మోసేది ఆ నడిమి భాగమే కదా. అందుకే మూడో ఏడు నడుమంతా తెలుపు, పిట్టగోడ వెంబడి రెండడుగుల పట్టీ, ట్యాంకు కింద, నీళ్ల పైపు దగ్గర మాత్రం లేత గ్రే వేయించాను. కింద నుంచి చూసేవాళ్లకు అది బార్డర్ డిజైన్ అనుకునేలా ఉంటుంది, ఇప్పటివరకు అదే నడుస్తోంది.

గ్రే కొనేటప్పుడు మామూలు ఎక్స్‌టీరియర్ పెయింట్‌లో గ్రే కలిపించుకోకండి, కూల్ రూఫ్ పెయింట్‌లో వచ్చే గ్రే అడగండి. ఎండలో దాదాపు సగం వేడి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో వస్తుంది, కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు గ్రేలలో ఆ కిరణాలను తిప్పికొట్టే రంగుపొడి ఉన్నది చల్లగా ఉంటుంది. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అని ఒక నంబర్ ఉంటుంది, అది చూడండి. ప్రామాణిక నలుపుకు సున్నా, ప్రామాణిక తెలుపుకు 100 పెట్టి లెక్కగట్టిన నంబర్ అది, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పటి నుంచి షాపుల్లో ఈ మాట అడిగితే వింతగా చూడటం తగ్గింది. అయితే ఆ నంబర్ కొత్త పెయింట్‌ది, దుమ్మూ పాకురూ పట్టాక అది పడిపోతుంది. అందుకే మరకను దాచడం ఒక్కటే సరిపోదు, నల్లటి పాకురు కూడా వేడిని తాగుతుంది.

ఇక పని సంగతి. పాకురు మీదనే పెయింట్ కొడితే మొదటి వానకే పొరలు పొరలుగా లేస్తుంది, మా ఇటుక రంగు ట్యాంకు దగ్గర అట్లనే లేచింది. ముందు పొడిగా ఉన్నప్పుడే వైరు బ్రష్‌తో గీకి ఊడ్చేయండి. తర్వాత పది లీటర్ల నీళ్లకు పావు కిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేటపడ్డాక పైనీళ్లు చల్లి, అరగంట ఆగి గట్టి చీపురుతో రుద్ది బాగా కడగండి. చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు ఉండాలి, ఎందుకంటే తడిసిన పాకురు మీద జారితే నడుం పోతుంది. బ్లీచింగ్‌తో పాటు బాత్రూం యాసిడ్ మాత్రం అస్సలు కలపొద్దు, విషవాయువు లేస్తుంది. విడిగా కూడా యాసిడ్ వద్దు, సిమెంటును తినేసి గరుకు చేస్తుంది, ఆ గరుకులో వచ్చే ఏడు పాకురు ఇంకా గట్టిగా పడుతుంది. కడిగిన నీళ్లు మొక్కల్లోకి, ఇంకుడు గుంతలోకి పోకుండా పైపు తిప్పుకోండి.

ఆ తర్వాత రెండు బకెట్ల నీళ్లు పోసి గంట ఆగి చూడండి. ఎక్కడ మడుగు కట్టిందో అక్కడ చాక్‌పీస్‌తో గీత గీయండి. వచ్చే ఏడు పాకురు పుట్టేది సరిగ్గా అక్కడే. మాకు మూడు చోట్ల అట్లా కట్టింది, మేస్త్రిని పిలిచి పాలిమర్ కలిపిన సిమెంటుతో పైపు వైపు వాటం ఇప్పించాం, ఎనిమిది అడుగులకు ఒక అంగుళం లెక్కన. నిజం చెప్పాలంటే రంగు కన్నా ఈ వాటమే ఎక్కువ పని చేసింది.

ఇవన్నీ వానలు పూర్తిగా ఆగాక చేసుకోండి, పెయింట్ మాత్రం ఫిబ్రవరిలో వేయించండి. స్లాబు బాగా ఆరి ఉంటుంది, ఎండలు ముదిరేనాటికి పెయింట్ కొత్తగా ఉంటుంది. తడి ఉందో లేదో తెలియాలంటే ఒక గజం ప్లాస్టిక్ కవర్ నాలుగు వైపులా టేపుతో అంటించి మరునాడు చూడండి, లోపల నీటి చుక్కలుంటే ఇంకా ఆగాలి. పొద్దున్నే మొదలుపెట్టి స్లాబు కాలకముందే ఆపేయమనండి. మా గరుకు స్లాబుకు రెండు కోట్లకు లీటరుకు 20 చదరపు అడుగులే వచ్చింది, డబ్బా మీద రాసిన లెక్క నునుపు గచ్చుకు సరిపోతుందేమో. మొత్తం 45 లీటర్లు పట్టింది, అందులో గ్రే పది.

సున్నం సంగతి కూడా అడుగుతారు ఎవరో ఒకరు. సున్నం చవక, కొత్తలో పాకురును దగ్గరికి రానివ్వదు కూడా, కానీ మన వానలకు ఒక్క సీజన్‌లో కారిపోతుంది. ఏటా వేసుకునే ఓపిక ఉంటే తప్పేం లేదు, మా అమ్మమ్మ వాళ్ల ఇంటికి ఇప్పటికీ అదే. కాకపోతే దాని మీద మిరపకాయలు ఎండబెడితే తెల్లపొడి అంటుకుంటుంది, కింద పట్టా పరుచుకోవాల్సిందే.

మీ ట్యాంకు పొంగుతోందో లేదో రాయలేదు. పొంగుతుంటే బాల్ వాల్వు మార్పించాకే పెయింట్ డబ్బా కొనండి.