టేప్ రికార్డర్ మీద ఉత్తరీయం

చిరంజీవి అమ్మలుకి,

నీ థీసిస్ కోసం కలుస్తున్న అర్చకులు రికార్డింగ్ వద్దన్నారు, ఆయనకు తెలియకుండా చేసుకోవచ్చా అని నిన్న రాత్రి ఫోన్‌లో అడిగావు కదా, దానికి ముందు జవాబు చెప్పేస్తాను. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి సంచిలో పెట్టుకుని వెళ్లొద్దు. ఆయన వద్దన్నాక అలా తీసుకున్నది థీసిస్‌లో వాడుకోలేవు. ఎక్కడ దొరికిందో రాయలేని మాటకు పరిశోధనలో విలువ లేదు. పైగా దొంగతనంగా రికార్డు చేస్తున్నప్పుడు మనిషి సరిగా వినడు, సంచి ఎటు తిరిగి ఉందా అని చూసుకుంటూ ఉంటాడు. నీకు ఎనభై ఏళ్ల అర్చకులు దొరికారు. ఆ గంటసేపు చెవులూ కళ్లూ ఆయన మీదే ఉండాలి.

నాకూ ఇలాగే జరిగింది. 1990లో నేను ఎం.ఫిల్. చేస్తూ కోనసీమలో ఒక విష్ణ్వాలయానికి వెళ్లాను. అర్చకులు వైఖానసులు. గుడి పక్కనే ఇల్లు. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు, మామ్మగారు మజ్జిగ ఇచ్చారు. నేను సంచిలోంచి క్యాసెట్ రికార్డర్ తీసి చాప మీద పెట్టాను. ఆచార్యులుగారు ఏమీ అనలేదు. భుజం మీద ఉత్తరీయం తీసి, మడత పెట్టి, దాని మీద కప్పేశారు. ఆ తర్వాత "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

మంత్రాలు బయటివాళ్ల చెవిన పడకూడదని వద్దంటున్నారనుకున్నాను. అందుకని మర్నాడు, "మంత్రాలు అడగనండీ, పద్ధతి చెప్తే చాలు" అన్నాను. ఆయన ముఖం ఇంకా ముడుచుకుంది. అసలు తప్పు నా ప్రశ్నల కాగితంలో ఉంది. మొదటిరోజు నేను అడిగిన మొదటి ప్రశ్న "గుడికి మాన్యం ఎంత ఉందండీ?" అని.

అప్పటికి మూడేళ్ల ముందు, 1987లో, ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం వచ్చి అర్చకుల వంశపారంపర్య హక్కును తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. 2007లో ఆ హక్కును మళ్లీ గుర్తించే సవరణ వచ్చేదాకా ఆ కుటుంబాలు ఎంత టెన్షన్‌గా గడిపాయో దగ్గర నుంచి చూశాను. అలాంటి రోజుల్లో ఊరు తెలియని ఒక అమ్మాయి మిషన్ ముందు పెట్టి మాన్యం ఎన్ని ఎకరాలని అడిగితే ఆయన ఏమనుకుంటారు? దేవాదాయ శాఖ ఆఫీసు నుంచి వచ్చాననే అనుకున్నారు. నాలుగో రోజు మామ్మగారు చెప్పేదాకా నాకు ఆ సంగతే తట్టలేదు.

కాబట్టి ఎందుకు వద్దంటున్నారో నువ్వు ఊహించుకోకు. సూటిగా అడిగినా చెప్పకపోవచ్చు. ఏ మాట దగ్గర ఆగుతున్నారో, ఏ మాటకు గొంతు తగ్గించి వీధివైపు చూస్తున్నారో గమనించు. భూమి, జీతం, కొడుకుల చదువు, పక్కవాళ్లతో తగాదా, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. నీ కాగితంలో ఇలాంటి ప్రశ్నలుంటే తీసి చివర్లో పెట్టు. యూనివర్సిటీ ఇచ్చిన సమ్మతి పత్రం మీద సంతకం కూడా మొదటిరోజే అడక్కు. కాగితం మీద సంతకమంటే కొంతమందికి రికార్డర్ కంటే ఎక్కువ భయం. నోటిమాటగా అనుమతి అడిగి, ఆయన ఒప్పుకున్న మాటనీ తేదీనీ నోట్‌బుక్‌లో రాసుకో. అది సరిపోతుందేమో మీ గైడ్‌ని ఇప్పుడే అడుగు.

మిషన్ మానేశాక "రాసుకోవచ్చా అండీ?" అని అడిగాను. "రాసుకో. కానీ నేను మాట్లాడేటప్పుడు నన్ను చూడు" అన్నారు. ఆ షరతు వల్లే నేను పని నేర్చుకున్నాను. విషయానికి ఒకటి రెండు మాటలు మాత్రమే గీసుకునేదాన్ని. ఆ రోజు పేజీలో ఉన్నవి ఇవే: "బావి. తులసి. స్వామి, నీళ్లు. కూర్చ. ఎడమ చెయ్యి." ముప్పావుగంట కాగానే నేనే లేచేదాన్ని. ఆయన ఇంకా చెబుతానన్నా, రేపు వస్తానని దణ్ణం పెట్టేదాన్ని. అంతకు మించితే మొదట విన్నది మనసులోంచి జారిపోతుంది.

తర్వాత చేసే పని అన్నిటికంటే ముఖ్యం. బయటికి రాగానే ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడకు. ఫోన్‌లో నాకు కూడా చెప్పకు. ఒకసారి కథలా చెప్పేశావంటే నీ మాటలు ఆయన మాటల్ని కప్పేస్తాయి, రాత్రికి గుర్తొచ్చేది నీ కథే. తిన్నగా గదికి వెళ్లి కూర్చుని రాయి. ముప్పావుగంట మాటకు నాకు రెండున్నర గంటలు పట్టేది. ఆయన అన్నమాట అన్నట్టు గుర్తుంటే జంట కొటేషన్లలో పెట్టు. భావం మాత్రమే గుర్తుంటే కొటేషన్లు వద్దు. నీకు తోచింది చదరపు బ్రాకెట్లలో వేరుగా రాయి. ఈ మూడూ కలిసిపోతే ఆర్నెల్ల తర్వాత ఏది ఎవరిదో నీకే తెలియదు. జంట కొటేషన్లు పేజీకి మూడు నాలుగు మించి వస్తున్నాయంటే అనుమానించు, జ్ఞాపకం తనంతట తాను మాటలు అల్లుతోందన్నమాట.

మర్నాడు వెళ్లగానే రాసింది ఆయనకు చదివి వినిపించు. నేను ఇలా చదివాను: "రోజూ తెల్లవారుజామున గర్భగుడిలో పెద్ద విగ్రహానికి అభిషేకం చేస్తారు." ఆయన చెయ్యి ఎత్తి ఆపేశారు. "ఆ స్వామికి కాదమ్మా, చిన్నస్వామికి." ముందురోజు ఆయన రెండు విగ్రహాల గురించీ "స్వామి" అనే ఒక్క మాటతోనే చెప్పారు. కదలని పెద్ద విగ్రహం ధ్రువబేరం. దాని ముందు చిన్న లోహవిగ్రహం కౌతుకబేరం, రోజువారీ అర్చన దానికే. దర్భల కూర్చతో పెద్దస్వామి శక్తిని చిన్నస్వామిలోకి ఆవాహన చేస్తారు. ఇదంతా ఆయన కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి కిందకి పెట్టి చూపించారు. నేను "ఎడమ చెయ్యి" అని రాసుకున్నాను కానీ అర్థం చేసుకోలేదు. క్యాసెట్ తిరిగి ఉంటే అందులోనూ "స్వామి" అనే మాటే వినపడేది, చేతులు కనపడేవి కావు. తప్పు దొరికింది తిరిగి చదవడం వల్లే. ఆ రోజు నుంచి ఆయన నేను రాసింది వినడానికే ఎదురుచూసేవారు, దిద్దుతూ అడగనివి కూడా చెప్పేవారు.

అలాగని నోటుపుస్తకంతో అన్నీ వస్తాయనుకోకు. ఉచ్చారణ, స్వరం, ఆ ఊరి యాస అందులోకి రావు. నీ అధ్యాయం వాటి మీద అయితే ఈ పద్ధతి పనికిరాదు, ఇంకొకరిని వెతుక్కోవాలి. థీసిస్‌లో రికార్డింగ్ లేదని, ఆయన వద్దన్నారని, నోట్స్ ఎలా రాశావో మొదటి అధ్యాయంలోనే రాసెయ్యి.

మూడు వారాలకు నా మీద నమ్మకం కుదిరింది. మాన్యం సంగతి ఆయనే చెప్పారు. అప్పుడు ధైర్యం చేసి, "ఇప్పుడు రికార్డు చేసుకోనా అండీ?" అన్నాను. తల అడ్డంగా ఊపి నోరు తెరిచి చూపించారు. ముందు పళ్లు నాలుగూ లేవు. "స్వరం జారుతోందమ్మా. నేను పోయాక కూడా ఆ తప్పు మోగుతూ ఉంటుంది" అన్నారు. పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురని ఒక శ్లోకం ఉంది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు బలం లేనివాడు. ఆ శ్లోకం ఆయనే చదివి, చివరి మాట దగ్గర తన గొంతు మీద వేలు పెట్టుకున్నారు. మళ్లీ నేను ఆ ఊసెత్తలేదు.

ఆ సాయంత్రం నోటుపుస్తకం మూయమని చెప్పి ఒక పావుగంట ఏదో చదివారు. ఏమిటో రాసుకోలేదు, రాత్రి గుర్తుకు తెచ్చుకుని కూడా రాయలేదు. ఆ పేజీలో తేదీ ఒక్కటే ఉంది. పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది, వచ్చినప్పుడు చూద్దువుగాని.

రేపు వెళ్లేటప్పుడు ఫోన్ గదిలోనే వదిలేసి వెళ్లు. వాచీ పెట్టుకో, లేకపోతే ముప్పావుగంట తెలియదు. మొదటిరోజు రాసిన పేజీలు నాకు పంపు, కొటేషన్లు చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ