జక్కయ్య పాఠానికి 45 నిమిషాల ప్లాన్: లక్ష్యం నుంచి ముగింపు ప్రార్థన దాకా

ప్రశ్న: మాది విజయవాడ. మా చర్చిలో ఈ నెల నుంచి సండే స్కూల్ క్లాసు నాకిచ్చారు. 8–11 ఏళ్ల పిల్లలు 12 మంది, 45 నిమిషాలు. మొదటి పాఠం జక్కయ్య. లక్ష్యం, యాక్టివిటీ, రివ్యూ, ముగింపు ప్రార్థన ఉండేలా ప్లాన్ రాసి పాస్టరు గారికి చూపించాలి. ఎలా రాయాలో ఎవరైనా చెప్పగలరా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

వందనాలండి. గుంటూరులో మా చర్చిలో ఇదే వయసు పిల్లల క్లాసు నేను చూస్తాను. జక్కయ్య పాఠం చాలాసార్లు చెప్పాను కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను.

ముందు లక్ష్యం రాయండి. అది కుదిరేదాకా యాక్టివిటీ గురించి ఆలోచించకండి. చాలామంది "పిల్లలు దేవుని ప్రేమను తెలుసుకోవాలి" అని రాస్తారు. మాట మంచిదే, కానీ క్లాసు అయ్యాక తెలుసుకున్నారో లేదో మీరెలా కనిపెడతారు? పిల్లవాడు ఏం చెబితే, ఏం చేస్తే పాఠం అందిందని మీకు తెలుస్తుందో అదే లక్ష్యంగా రాయండి. ఈ పాఠానికి నేను రాసుకునేది ఇది: "యేసు ముందు పిలిచాడు, ఆ తర్వాతే జక్కయ్య తిరిగి ఇస్తానన్నాడు అని పిల్లలు వరుస తప్పకుండా చెప్పాలి. తాము తిరిగి ఇవ్వాల్సినది ఏదైనా ఉంటే మనసులో గుర్తుపట్టాలి."

వరుస మీద ఇంత పట్టు ఎందుకంటే, పిల్లలు ఈ కథను తలకిందులు చేసుకుంటారు. జక్కయ్య మంచివాడయ్యాడు కాబట్టి యేసు వాళ్లింటికి వెళ్లాడు అనుకుంటారు. లూకా 19లో అలా లేదు. 5వ వచనంలో యేసు పేరు పెట్టి పిలిచి, నేడు నీ ఇంట ఉండాలి అంటాడు. 6లో జక్కయ్య సంతోషంతో చేర్చుకుంటాడు. 7లో జనం సణుగుతారు. డబ్బు మాట 8వ వచనంలో గానీ రాదు. పిల్లల మనసులో ఈ వరుస తిరగబడితే వాళ్లు నేర్చుకునేది సువార్తకు సరిగ్గా వ్యతిరేకం.

ఇప్పుడు యాక్టివిటీ. ఈ పాఠానికి అందరూ మొదట అనుకునేది చెట్టు. అట్టముక్కతో చెట్టు చేయించడం, బొమ్మకు రంగులు వేయించడం, బల్ల మీదికి ఎక్కించడం. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ వచ్చే ఆదివారం జక్కయ్య ఎవరని అడిగితే "పొట్టివాడు, చెట్టెక్కాడు" అని ఆగిపోతారు. యాక్టివిటీ లక్ష్యాన్ని మోయకపోతే జరిగేది ఇదే. మన లక్ష్యం తిరిగి ఇవ్వడం గురించి కాబట్టి పిల్లల చేతులు కూడా ఆ పనే చేయాలి.

నేను చింతపిక్కలతో చేయిస్తాను. ఇంటి దగ్గరే 140 లెక్కపెట్టుకోండి. 90 ఒక పళ్లెంలో పోయండి, అది జక్కయ్య ఆస్తి. మిగతా 50 పదిమంది పిల్లలకు తలా ఐదు చొప్పున ఇవ్వండి, వాళ్లు యెరికోకు సరుకు తెచ్చిన వ్యాపారులు. పదకొండో పిల్లకు "సుంకం 2" అని రాసిన అట్ట ఇవ్వండి. పన్నెండో పిల్లవాడు ఖాళీ గిన్నె పట్టుకుని బీదల తరఫున కూర్చుంటాడు. ఇంకో గిన్నె రోమా ప్రభుత్వానిది, దాన్ని బల్ల మీద పెట్టండి. జక్కయ్యగా మీకు సాయం వచ్చే పెద్దవాళ్లెవరైనా కూర్చోవాలి. క్లాసులో పొట్టిగా ఉన్న పిల్లవాణ్ణి మాత్రం ఆ పాత్రకు పిలవకండి. ఆ పేరు వాడికి ఏడాదంతా అతుక్కుపోతుంది.

జక్కయ్య ఒక్కొక్కరి దగ్గరా రెండు బదులు మూడు పిక్కలు తీసుకుంటాడు. అట్ట పట్టుకున్న పిల్ల "రెండే!" అని అరుస్తుంది, జక్కయ్య పట్టించుకోడు. వచ్చిన 30లో 20 రోమా గిన్నెలోకి, 10 తన పళ్లెంలోకి పోతాయి. పళ్లెం సరిగ్గా వంద అవుతుంది. సుంకపు గుత్త అంటే ఏమిటో ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పండి. మన సంతల్లో ఆశీలు వసూలు చేసే హక్కును పాటలో పాడుకున్నవాడు రేటు కంటే ఎక్కువ గుంజితే బండివాళ్లకు ఎలా ఉంటుంది? కూరగాయల బండ్లున్న ఇళ్ల పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. సుంకరులకు బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది కూడా ఇదే, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని (లూకా 3:13).

ఇక్కడ ఆట ఆపండి. పిల్లలు మూడో పిక్క పోయిన కోపంలో ఉండగానే లూకా 19:1–10 మీరు నెమ్మదిగా చదవండి. విడిగా పెద్ద కథ చెప్పక్కర్లేదు, ఆ పది వచనాలు చాలు. ఇంట్లో భోజనం దగ్గర యేసు జక్కయ్యకు ఏదో ఉపదేశం చేసినట్టు కొందరు కల్పించి చెబుతారు. లూకా అలాంటిదేమీ రాయలేదు, మనమూ చెప్పకూడదు.

చదివాక మళ్లీ పళ్లెం దగ్గరికి రండి. సగం బీదలకు ఇస్తానన్నాడు కదా, 50 పిక్కలు బీదల గిన్నెలోకి వెళ్తాయి. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇస్తానన్నాడు. ఒక్కొక్కరికి ఒక పిక్కకు నాలుగు, పదిమందికి 40. పిల్లలు వరుసగా వచ్చి తీసుకోవాలి. ఇప్పుడు పళ్లెంలో పదే మిగులుతాయి. మా క్లాసులో ఒకసారి ఒక బాబు పళ్లెంలోకి తొంగి చూసి "అక్కా, ఈయనకి ఇంకేం మిగల్లేదు" అన్నాడు. ఆ మాట పిల్లల్లో ఎవరో ఒకరు అనేదాకా ఆగండి, మీరు తొందరపడి చెప్పెయ్యకండి.

తర్వాత బోర్డు మీద ఒక చిన్న లెక్క వేయండి. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నది పూర్తిగా ఇచ్చి, దానిమీద ఐదోవంతు కలపాలి. అంటే పదికి రెండు కలిపి 12. అలా ఇచ్చి ఊరుకుంటే జక్కయ్య దగ్గర 88 మిగిలేవి. నాలుగంతలన్నది నిర్గమకాండము 22:1లో గొర్రెను దొంగిలించి కోసినవాడికో అమ్మినవాడికో పడే లెక్క. 88 మిగుల్చుకోగలిగినవాడు పదితో సరిపెట్టుకున్నాడు, పైగా సంతోషంగా. ఎందుకు? ఈ ప్రశ్న అడిగి వదిలేయండి. "యేసు వాళ్లింటికి వచ్చాడు కాబట్టి" అని పిల్లల నోటి నుంచే వస్తుంది. 8 ఏళ్ల వాళ్లకు ఐదోవంతు కష్టమైతే 88, 10 అని రెండు అంకెలు మాత్రం రాయండి. పిక్కలు వెంటనే వెనక్కి తీసేసుకోండి. చేతిలో ఉంటే రివ్యూ అంతా గలగలలే. క్లాసులోకి అక్కల వెంట చిన్నపిల్లలు వచ్చి కూర్చుంటే నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

రివ్యూ అంటే "అర్థమైందా?" అని అడగడం కాదు. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. నాలుగు అట్టముక్కల మీద "యేసు పిలిచాడు", "జక్కయ్య చేర్చుకున్నాడు", "జనం సణిగారు", "తిరిగి ఇస్తానన్నాడు" అని రాసి కలిపేసి, నలుగురు పిల్లలకిచ్చి వరుసలో నిలబడమనండి. మిగతావాళ్లు సరిచేయాలి. డబ్బు అట్ట ముందుకొస్తే లక్ష్యం ఇంకా చేరలేదన్నమాట. మీరు సరిచేయకుండా 5వ వచనం మళ్లీ ఒక పిల్లతో చదివించండి. ఆ తర్వాత ఒకే ప్రశ్న: "యేసు పిలవకముందే జక్కయ్య డబ్బు తిరిగి ఇచ్చి ఉంటే కథ ఎలా మారేది?" జవాబులు రకరకాలుగా వస్తాయి. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది అక్కడే తెలుస్తుంది. కంఠత వాక్యంగా 10వ వచనం ఇవ్వండి, ఆ వరుస అంతా దాంట్లోనే ఉంది.

లక్ష్యంలో రెండో సగం ఉంది కదా, దానికి తలా ఒక చిన్న కాగితం ఇవ్వండి. తిరిగి ఇవ్వాల్సినది ఏదైనా ఉంటే రాసుకుని జేబులో పెట్టుకోమనండి. స్నేహితుడి పెన్సిల్, అమ్మ పర్సులోంచి తీసిన పది రూపాయలు, ఏదైనా కావచ్చు. మీరు చదవొద్దు, పైకి చెప్పించొద్దు. వచ్చే వారం అందరి ముందు "ఎవరిచ్చారు?" అనీ అడగొద్దు. అడిగితే లేనివాళ్లు కల్పిస్తారు, ఉన్నవాళ్లు దాస్తారు. ఎవరైనా విడిగా వచ్చి చెబితే వినండి. అది పిల్లవాడు మోయలేనంత పెద్ద విషయంలా అనిపిస్తే మీలోనే దాచుకోకుండా పాస్టరు గారితో మాట్లాడండి.

ముగింపు ప్రార్థన లక్ష్యంలోంచే రావాలి. అక్కడ రెండో ప్రసంగం మొదలుపెట్టకండి, పరీక్షలూ ప్రయాణాలూ అన్నీ కలిపేయకండి. అవన్నీ ఆరాధనలో ఎలాగూ ఉంటాయి. ముందు కాసేపు మౌనంగా ఉండి, జేబులోని కాగితం గురించి ఎవరికి వారు దేవునితో చెప్పుకోనివ్వండి. తర్వాత చిన్న వాక్యాలుగా మీరంటే వాళ్లు అనాలి. నేను ఇలా రాసుకుంటాను: "యేసయ్యా, జక్కయ్యను పేరు పెట్టి పిలిచావు. మమ్మల్నీ పిలుస్తున్నావు. మాది కానిది తిరిగి ఇచ్చే ధైర్యం మాకివ్వు. ఆమేన్." మొదటి రెండు వాక్యాలు ఆయన చేసింది, మూడోది మనం చేయాల్సింది. ప్రార్థనలోనూ ఆ వరుస చెడకూడదు.

టైము ఇలా సరిపోతుంది: పాట, హాజరు 5 నిమిషాలు, సుంకం ఆట 8, వాక్యం చదవడం 6, పళ్లెం ఖాళీ చేయడం, లెక్క 10, రివ్యూ, కంఠత వాక్యం 8, కాగితం, ప్రార్థన 5. మిగిలిన మూడు నిమిషాలు కుర్చీలు సర్దడానికే పోతాయి. ప్లాన్ కాగితంలో లక్ష్యాన్ని పైన పెద్ద అక్షరాలతో రాసి, ప్రతి భాగం పక్కన అది లక్ష్యంలో ఏ సగానికి పనికొస్తుందో ఒక్క మాట రాయండి. పాస్టరు గారు చూసేది అదే. దేనికీ పనికిరాని భాగం కనిపిస్తే తీసేయండి.

ఆరాధన ఆలస్యంగా ముగిసి మీకు పాతిక నిమిషాలే దొరికే ఆదివారాలు వస్తాయి. అప్పుడు పాట వదిలేయండి. వసూలు ఆటలో పిల్లలందరినీ లేపకుండా పళ్లెం మీ ముందు పెట్టుకుని మీరే చేసి చూపించండి. నాలుగు అట్టల రివ్యూ మాత్రం తీయకండి. ప్రార్థనకు ముందు మౌనాన్ని కూడా అలాగే ఉంచండి.