నెలకు 30 వేల వ్యూస్‌తో బతుకు గడుస్తుందా?

*మా అబ్బాయి అగ్రికల్చర్ పాలిటెక్నిక్ పూర్తి చేశాడు. ఏడాదిగా మిరప సాగు మీద యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాడు. సబ్‌స్క్రైబర్లు 2,300 మంది, నెలకు 30 వేల వ్యూస్. యాడ్స్ కూడా మొదలయ్యాయి. ఇక అగ్రిసెట్ రాయనంటున్నాడు. దీని మీద బతకగలడా?*
*— ఒక తండ్రి, పల్నాడు జిల్లా*

ముందు మీవాడి పక్కన కూర్చుని యూట్యూబ్ స్టూడియోలో RPM అనే అంకె చూడండి. వెయ్యి వ్యూస్‌కి, యూట్యూబ్ వాటా పోగా, చేతికొచ్చే డబ్బు అది. మామూలు వీడియోల మీద వచ్చే యాడ్స్ డబ్బులో 55 శాతం మనకిస్తారు, షార్ట్స్‌కి 45 శాతం. RPM 40 రూపాయలు ఉందనుకుందాం. అప్పుడు 30 వేల వ్యూస్‌కి వచ్చేది 1,200. ఖాతాలో 100 డాలర్లు నిండితే గానీ డబ్బు పంపరు కాబట్టి, ఒక్కసారి చేతికి అందడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది. నెలకు 20 వేలు రావాలంటే 5 లక్షల వ్యూస్ కావాలి. షార్ట్స్‌కి లక్షల్లో వ్యూస్ వచ్చినా వాటి RPM మామూలుగా చాలా తక్కువ. ఆ అంకెను విడిగా చూడండి.

ఇవాళ్టి లెక్క ఇది. రేపు పెరుగుతుందా లేదా అన్నది సబ్‌స్క్రైబర్లను బట్టి తెలియదు. సాగు వీడియోలకు అసలు పరీక్ష రెండో సీజన్. నిరుడు మిరపలో తామర పురుగు మీద చేసిన వీడియో ఒకటి తీసుకోండి. ఈ ఏడాది పూత దశలో, కొత్తగా ఏమీ పెట్టకుండానే, దాని గ్రాఫ్ మళ్లీ లేచిందా? ఆ వచ్చినవాళ్లు YouTube search నుంచి వచ్చారా? అలా అయితే రైతు అవసరం పడి వెతుక్కుంటూ వస్తున్నాడన్నమాట, ఆ వీడియో ఏటా పనిచేస్తుంది. పెట్టిన వారంలో లేచి తర్వాత పడిపోయి ఉంటే, ప్రతి వారం కొత్త వీడియో తీస్తేనే ఆ 1,200 కూడా వస్తుంది.

కామెంట్లూ చదవండి. "సూపర్ బ్రో" అన్నవి పక్కన పెట్టండి. "మాది ఖమ్మం, పైముడత వచ్చింది, ఏ మందు, లీటరు నీటికి ఎంత?" అని అడిగేవాళ్లు ఎంతమంది, మందు కొట్టాక తగ్గిందో లేదో మళ్లీ వచ్చి చెప్పినవాళ్లు ఎంతమంది అన్నది చూడండి. ఆ నమ్మకం ఉంటే యాడ్స్ కంటే మిరప నారు, తోట సలహాల మీద ఎక్కువ సంపాదించవచ్చు. పురుగుమందులు అమ్మాలంటే మాత్రం వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి, దానికి చదువు అర్హత చూస్తారు. ఈలోగా ఏదో కంపెనీ డబ్బిస్తానంటే, తాను తోటలో వాడి చూడని మందును పొగడొద్దని గట్టిగా చెప్పండి. ఒక్క రైతు పంట పోయినా ఆ మాట మిగతావాళ్లందరికీ చేరుతుంది.

నా మాట అడిగితే, అగ్రిసెట్ రాయించండి. డిప్లొమా వాళ్లకు బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి ఉన్న దారి అది. చదువుతూ నెలకు రెండు వీడియోలు తీయొచ్చు, పైగా తెగుళ్ల గురించి చెప్పే మాటకు బలం వస్తుంది. రెండు సీజన్లు గడిచాక, పాత వీడియోల మీదే నెలకు లక్షన్నర వ్యూస్ దాటుతుంటే, పూర్తిగా ఛానల్‌కే దిగాలా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.