పిల్లలు రానంటే పలాస జీడి ఫ్యాక్టరీ ఎవరికివ్వాలి?

"మాది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ సార్, నా ఒక్కడి పేరు మీదే ఉంది. నాకు 61. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అమ్మాయి పుణెలో, ఇద్దరూ రామంటున్నారు. మా మేనేజరు తీసుకుంటానంటున్నాడు గానీ చేతిలో డబ్బు లేదు. ఏటా 18 లక్షలు మిగుల్తుంది. ఏం చెయ్యమంటారు?"

ముందు ఆ 18 లక్షలు విడదీద్దాం అండీ. పిక్కలు కొనడం దగ్గర్నుంచి పప్పు అమ్మేదాకా మీరే చూస్తున్నారు, జీతం మాత్రం తీసుకోవట్లేదు కదా, ఆ పనికి మనిషిని పెడితే ఏడాదికి 6 లక్షలు అవుతుందనుకోండి, షెడ్డూ జాగా మీవే కాబట్టి అద్దె లేదు, దానికో 4 లక్షలు వేసుకోండి. అవి తీసేస్తే వ్యాపారం సంపాదిస్తున్నది 8 లక్షలే. నేనైతే దానికి మూడు రెట్లు, 24 లక్షలు అడుగుతాను. గోడౌన్‌లో ఉన్న సరుకు కొన్న ధరకి వేరే లెక్క, అందులోంచి సీసీ బాకీ, అంటే సరుకు తాకట్టు మీద బ్యాంకులో వాడుకున్న అప్పు, తీసేయాలి. కొత్త పిక్క దిగకముందు, బస్తాలు తక్కువున్నప్పుడు ఈ లెక్క కడితే గొడవుండదు.

జాగా మాత్రం అమ్మకండి, మేనేజరుతో కలిసి పెట్టే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లోకి పెట్టుబడిగా కూడా వెయ్యకండి, వేస్తే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడుతుంది, పిల్లలకి మిగలాల్సిన ఆస్తి వ్యాపారం అప్పుల్లో ఇరుక్కుంటుంది. మేనేజరు ఆ 6 లక్షల జీతంతో బతుకుతాడు, 8 లక్షల్లో ఏటా 4 మీకిస్తాడు, ఆరేళ్లలో 24 తీరిపోతాయి, మిగతా 4 పిక్కల ధర పెరిగిన ఏడాదికి అడ్డం పడతాయి. అద్దెతో కలిపి మీకు ఏటా 8 లక్షలు వస్తాయి, ఆరేళ్ల తర్వాత కూడా అద్దె ఆగదు. వాయిదా కట్టినకొద్దీ అతని వాటా పెరిగేలా పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాయించి రిజిస్టర్ చేయించండి.

మీరిద్దరే పార్ట్‌నర్లయితే చాలదు అండీ, ఒకరు పోతే ఫర్మే రద్దయిపోతుంది, డీడ్‌లో ఏం రాసుకున్నా ఒక్కడితో ఫర్మ్ ఉండదు. అందుకే మీ ఆవిడని చిన్న వాటాతో మూడో మనిషిగా పెట్టండి, ఎవరు పోయినా మిగతావాళ్లతో ఫర్మ్ నడుస్తుందని డీడ్‌లో రాయండి. ఇప్పుడున్నట్టు ఒక్కరి పేరు మీదే వదిలేస్తే రేపు మీకేదైనా అయితే సీసీ అకౌంటు ఆగిపోతుంది, జీఎస్టీ వారసుల పేరున కొత్తగా తీసుకోవాలి, సీజన్లో అలా అయితే పిక్కలు కొనడానికే డబ్బుండదు.

నాకు ఎక్కువ భయం బ్యాంకు దగ్గరే. మీరు ఫర్మ్‌లోంచి తప్పుకున్నా, సీసీకి మీరిచ్చిన గ్యారంటీ, తనఖా పెట్టిన జాగా అలాగే ఉంటాయి, అతను కట్టకపోతే మీ మీదికే వస్తారు. అతని ఆస్తి గానీ గ్యారంటీ గానీ తీసుకుని మిమ్మల్ని విడుదల చేసినట్టు బ్యాంకు లెటరు, మీ దస్తావేజులు చేతికొచ్చేదాకా చివరి వాటా రాసివ్వకండి. అప్పటిదాకా ప్రతి నెలా బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ పట్టుకెళ్లి గోడౌన్‌లో బస్తాలు మీరే లెక్కపెట్టండి, కాగితం మీద కన్నా బస్తాలు తక్కువుంటే ఆ నెలలోనే కూర్చోబెట్టి అడగండి.