జూన్ 21 ఆదివారం, సాయంత్రం 6 గంటలకు, నాన్నగారి ఇంట్లో

ప్రశ్న: నాన్నగారికి మోకాలి ఆపరేషన్ ఉంది. తర్వాత ఆయన దగ్గర ఎవరు ఎన్నాళ్లు ఉండాలో అందరం కూర్చుని మాట్లాడుకుందామని ఐదు వారాల క్రితం ఫ్యామిలీ గ్రూపులో అడిగాను. అప్పటి నుంచి డేట్ల మీదే గొడవ. జూన్ 14 అక్కకు కుదరదు, 28 నాకు కుదరదు. 21కి దాదాపు అందరూ సరే అన్నట్టే ఉంది కానీ పెద్దన్నయ్య ‘చూద్దాం’ అంటాడు. తమ్ముడు విదేశంలో ఉంటాడు, వీడియో కాల్‌లో వస్తానన్నాడు. రెండు రోజులకోసారి ఎవరో ఒకరు మళ్లీ మొదటికి తెస్తున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదండి. దీన్ని ముగించేదెలా?

జవాబు: ఒక్క మెసేజ్‌తో ముగుస్తుందండి. కానీ అది రాసే ముందు ఓ అరగంట చదివే పని ఉంది, ఒక ఫోన్ కాల్ కూడా ఉంది. ఆ రెండూ చేయకుండా రాస్తే ఆ మెసేజ్ కూడా గొడవలో కలిసిపోతుంది.

ముందు గ్రూపులో మొదటి మెసేజ్ దాకా వెనక్కి వెళ్లండి. ఒక కాగితం మీద ఒక్కొక్కరి పేరూ రాసి, 21 గురించి వాళ్లు చివరిసారి అన్న మాటేంటో పక్కన రాసుకోండి. చివరి మాటే ముఖ్యం. ఇన్ని వారాలు నడిచాక మనకు ఎవరు మొదట కాదన్నారో గుర్తుంటుంది గానీ, తర్వాత వాళ్లే సర్దుకున్నది గుర్తుండదు. 14 కుదరదన్న అక్కే 21కి మొదట సరే అని ఉండొచ్చు. రాసేటప్పుడు కాస్త కఠినంగా ఉండండి: ‘సరే’, ‘వస్తాను’ అన్నవి మాత్రమే ఒప్పుకున్నట్టు. ‘చూద్దాం’ ఒప్పుకోలు కాదు, మౌనం అసలే కాదు. బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు దాన్ని ఏ మెసేజ్‌కి పెట్టారో చూడండి, పైన రెండు తేదీలు ఉన్న మెసేజ్‌కి పెడితే దానికి అర్థం లేదు. గ్రూపులో పోల్ పెట్టి ఉంటే అదీ అంతే, వాట్సాప్ పోల్‌లో మీరు ఆపకపోతే ఒకరే రెండు మూడు తేదీలకు ఓటేయొచ్చు, వేసింది మార్చుకోవచ్చు కూడా.

ఇలా రాశాక మీ కాగితం మీద మిగిలేది పెద్దన్నయ్య పేరొక్కటే అనుకుంటున్నాను. ఆయనతో గ్రూపులో మాట్లాడొద్దు, ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ‘చూద్దాం’ వెనక చాలాసార్లు తేదీ మీద అభ్యంతరం ఉండదు, తనను అడక్కుండా అందరూ అనేసుకున్నారనే బాధ ఉంటుంది. ‘నువ్వొక్కడివే మిగిలావు అన్నయ్యా’ అని మొదలుపెడితే ఆ బాధ ఇంకా పెరుగుతుంది. ‘అన్నయ్యా, 21 సాయంత్రం నీకేమైనా అడ్డముందా, నువ్వు చెప్పాకే గ్రూపులో రాద్దామని ఆగాను’ అనండి. నిజంగా ఆగారు కాబట్టి ఇందులో అబద్ధం లేదు. ఆయన సరేనంటే, ‘అయితే వచ్చేవాళ్లలో నీ పేరు రాస్తున్నాను’ అని ఫోన్‌లోనే చెప్పేయండి.

ఆయనకు ఆ రోజు నిజంగానే ప్రయాణమో మరొకటో ఉందనుకోండి, అప్పుడు మీ దగ్గర ఇంకా ఒప్పందం లేదు. లేని ఒప్పందాన్ని ఉన్నట్టు రాయొద్దు, అలా రాస్తే తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు. పొద్దున కుదురుతుందా, తమ్ముడిలాగే వీడియోలో ఉంటాడా అని అడిగి, దాన్నిబట్టి వేళ మార్చి, మారిన వేళ మిగతావాళ్లకు కుదురుతుందో ఒక్కొక్కరినీ విడిగా కనుక్కున్నాకే గ్రూపుకి రండి.

ఇక మెసేజ్. ఇలా ఉంటే చాలు:

‘నాన్నగారి ఆపరేషన్ తర్వాత ఎవరు ఎప్పుడు ఉండాలో మాట్లాడుకోవడానికి కలుస్తున్నాం.
జూన్ 21, ఆదివారం, సాయంత్రం 6 నుంచి 8.
నాన్నగారి ఇంట్లో.
వచ్చేవాళ్లు: (అందరి పేర్లు)
వీడియోలో: (తమ్ముడి పేరు), అక్కడి టైమ్ ఆదివారం ఉదయం 8:30. కాల్ నేను చేస్తాను.
ఇందులో నేనేదైనా తప్పు రాసి ఉంటే రేపు రాత్రి 9 లోపు చెప్పండి, సరిచేస్తాను.’

తేదీ పక్కన వారం తప్పకుండా ఉండాలి, రెండూ క్యాలెండర్‌లో ఒకసారి సరిచూసుకోండి. మా ఇంట్లో ఒకసారి నేను ‘వచ్చే శనివారం’ అని మాత్రం రాశాను. నా లెక్కలో అది ఆ పై వారం. మా పిన్ని రెండు రోజుల్లో రాబోయే శనివారం అనుకుని, రెండు బస్సులు మారి వచ్చి, తాళం వేసిన గుమ్మం ముందు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఫోన్ ఎత్తేసరికి గంటయింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ ఆ గుమ్మం కళ్ల ముందే ఉంటుంది. అప్పటి నుంచి తేదీ, నెల, వారం మూడూ రాయకుండా ఏ మెసేజూ పంపలేదు.

వచ్చేవాళ్ల దగ్గర వరసలు కాకుండా పేర్లే రాయండి. మీకు పెద్దన్నయ్య అయినవాడు ఇంకొకరికి బావగారు, మరొకరికి తమ్ముడు. ‘వదిన వస్తుంది’ అంటే ఏ వదినో ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు. ‘అన్నయ్య వాళ్లు’ అని రాస్తే పిల్లలూ వస్తున్నారా అని మళ్లీ పది మెసేజ్‌లు. తమ్ముడి టైమ్ మీరే లెక్కేసి వదిలేయకండి, తననే అడిగి రాయండి, కొన్ని దేశాల్లో ఏడాదిలో రెండుసార్లు గడియారం గంట మారుస్తారు.

14 ఎందుకు వద్దనుకున్నాం, ఎవరు సర్దుకున్నారు అనేవి అందులో ఒక్క ముక్క కూడా రాయొద్దు. థాంక్స్ చెప్పాలనిపిస్తే అక్కకు విడిగా చెప్పండి. చివర ‘అందరికీ ఓకేనా?’ అని మాత్రం అడగకండి, ప్రతిసారీ మళ్లీ మొదటికి వచ్చేది ఆ ప్రశ్నతోనే. తప్పుంటే చెప్పమని అడిగితే జనం తప్పు వెతుకుతారు, ఓకేనా అంటే తమకు ఇంకా ఏం నచ్చుతుందో వెతుకుతారు.

పెట్టాక దాన్ని పిన్ చేయండి. వాట్సాప్ ఎన్నాళ్లని అడిగినప్పుడు 30 రోజులు ఎంచుకోండి, 7 రోజులు పెడితే మీటింగ్ రాకముందే పైనుంచి పోవచ్చు. పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల వరకే మార్చగలరు. ఆ తర్వాత ఏదైనా మారితే ‘టైమ్ 7 అయింది’ అని ముక్క పంపకుండా, మొత్తం మెసేజ్ కొత్తగా రాసి పాత పిన్ తీసి దీన్ని పిన్ చేయండి.

రెండు రోజులాగి ఎవరో ‘28 అయితే బాగుండేది కదా’ అంటారు. కారణాలు చెప్పడం మొదలుపెట్టకండి. ‘21 ఖాయమైంది. నీకు రావడం కుదరకపోతే చెప్పు, వీడియోలో పేరు రాస్తాను’ అని ఒక్క లైను చాలు. నాన్నగారి ఆపరేషన్ తేదీయే మారితే అప్పుడు మాత్రం అందరినీ మళ్లీ అడగాల్సిందే, ఇంకెవరికోసమూ అక్కర్లేదు.

ఇంకొకటి. మీ ఉత్తరంలో తేదీలన్నీ పిల్లలకు కుదరడం కుదరకపోవడమే ఉంది, నాన్నగారు ఏమన్నారో లేదు. గ్రూపులో పెట్టే ముందు ఆయనకు ఫోన్ చేసి మెసేజ్ మొత్తం చదివి వినిపించండి, 6 గంటలకు ఆయన మందులు వేసుకుని పడుకునే వేళ కాదు కదా అని అడగండి.