విడిపోయినవాళ్లు ఎదురైతే మాట ఎలా ముగించాలి?

విడిపోయిన మనిషి షాపులోనో లిఫ్ట్ దగ్గరో హఠాత్తుగా ఎదురైతే, ఇబ్బంది పడకుండా ఎలా మాట్లాడాలి?

చూపులు కలిశాక ఫోన్‌లోకి తల దించేయకండి, అది ఇద్దరికీ మరింత ఇబ్బంది. నెమ్మదిగా ఊపిరి వదిలి మీరే ముందు పలకరించండి. "బాగున్నావా?" ఒక్కటి చాలు. మాటను సాగదీసేవి ప్రశ్నలే, "ఇప్పుడెక్కడ ఉంటున్నావు, ఎవరితో?" అన్నారంటే పాతవన్నీ బయటికొస్తాయి. పక్కన ఎవరైనా ఉంటే పేరు చెప్పి పరిచయం చేయండి, పాత బంధం ఊసెత్తొద్దు.

నిమిషంలోపే "సరే, నాకు పనుంది, వెళ్తాను" అంటూనే అడుగు కదపండి. అనేసి అక్కడే నిలబడితే అవతలివాళ్లు కొత్త విషయం ఎత్తుతారు. లిఫ్ట్‌లో కదిలే వీలుండదు కాబట్టి పలకరించాక మౌనంగా ఉన్నా తప్పు కాదు. ఉద్దేశం లేనప్పుడు మాత్రం "మళ్లీ కలుద్దాం" అనకండి, దాన్ని నమ్మి రాత్రికి మెసేజ్ పెడతారు. పాత గొడవ తీస్తే "ఇక్కడ వద్దు, ఉంటాను" అంటే సరిపోతుంది.